అరెస్టు నాటికి ఇరవై, నేరం నాటికి పదిహేడు: ఒక గంజాయి కేసులో వయసు తేల్చిన తీరు

ఇది విశాఖపట్నంలో ఒక కుర్రాడి తరఫున నేను వాదించిన కేసు. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం పిల్లవాడిని గుర్తుపట్టేలా ఏ వివరమూ బయటపెట్టకూడదు. అందుకే పేర్లు, ఊరు రాయడం లేదు. తేదీలు కూడా మార్చాను, కానీ వాటి మధ్య ఎడం చెడకుండా మార్చాను. ఈ కేసంతా ఆ ఎడం మీదే నడిచింది.

2021 నవంబరు 23 రాత్రి విశాఖ శివారులో పోలీసులు ఒక కారును ఆపారు. డిక్కీలో 46 కిలోల గంజాయి దొరికింది. కారులో ఉన్న ఇద్దరూ చిక్కారు. కారుకు రెండు మూడు కిలోమీటర్ల ముందు బైకు మీద వెళ్తున్న కుర్రాడు మాత్రం తప్పించుకున్నాడు. ఈ దందాలో వాడిని ‘పైలట్’ అంటారు. దారిలో తనిఖీ కనబడితే వెనకాల కారుకి ఫోన్ చేయడమే వాడి పని. ఆ ఇద్దరి వాంగ్మూలం, ఫోన్ కాల్ రికార్డుల ఆధారంగా వాడిని మూడో నిందితుడిగా, అంటే ఏ-3గా చేర్చారు. దొరకలేదు కాబట్టి పరారీలో ఉన్నట్టు చూపించి మిగతావారి మీద చార్జిషీటు వేశారు. ఏ-3 మీద నాన్‌బెయిలబుల్ వారెంటు మిగిలింది.

2024 ఆగస్టులో నగరంలోనే ఒక వెల్డింగ్ షాపులో పనిచేస్తూ దొరికాడు. రిమాండ్ రిపోర్టులో వయసు దగ్గర ‘20 సం.’ అని రాశారు. ఆ అంకె అబద్ధం కాదు, ఆ రోజుకి వాడికి నిజంగానే ఇరవై నిండాయి. మీసం ఉంది, పెళ్లి కూడా కుదిరింది. అడవివరం సెంట్రల్ జైలుకి పంపేశారు. ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే అందరూ చూసింది మనిషిని. చూడాల్సింది రిమాండ్ రిపోర్టులో వయసు, ఎఫ్‌ఐఆర్‌లో నేరం జరిగిన తేదీ, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి. ఇరవైలోంచి రెండేళ్ల తొమ్మిది నెలలు తీసేస్తే పదిహేడు చిల్లర వస్తుంది. పాత వారెంటు మీద ఇరవై, ఇరవై ఒకటేళ్ల కుర్రాడిని తెచ్చిన ప్రతి కేసులోనూ ఈ తీసివేత చేసి చూడాలి.

చట్టంలో ఈ విషయం మీద ఇప్పుడు డొంకతిరుగుడు లేదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 2(13) నిర్వచనంలోనే ‘నేరం చేసిన తేదీ నాటికి’ పద్దెనిమిదేళ్లు నిండని వ్యక్తి అని ఉంది. సెక్షన్ 6 ఇంకా సూటిగా సరిగ్గా మా కేసు గురించే మాట్లాడుతుంది: పద్దెనిమిది నిండాక పట్టుబడినా, నేరం అంతకు ముందుది అయితే విచారణ అంతటా అతన్ని బాలుడిగానే చూడాలి. బెయిలు రాకపోతే ప్లేస్ ఆఫ్ సేఫ్టీ అనే విడి కేంద్రంలో ఉంచాలి తప్ప జైల్లో కాదు.

అయినా ప్రభుత్వం తరఫు లాయరు పీపీ గారు మొదటి వాయిదాలోనే, ‘కోర్టు ముందుకి వచ్చిన రోజు వయసు చూడాలి కదా’ అన్నారు. ఆయన ఊరికే అనలేదు. ఒకప్పుడు అదే చట్టం. 1982లో ఉమేష్ చంద్ర కేసులో సుప్రీంకోర్టు నేరం తేదీనే లెక్క అంది. 2000లో అర్నిత్ దాస్ కేసులో ఇద్దరు జడ్జీల బెంచి ఆ తీర్పు జోలికి పోకుండా, అధికారి ముందు హాజరుపరిచిన తేదీయే లెక్క అని చెప్పింది. రెండు తీర్పులూ కొన్నాళ్లు పక్కపక్కనే బతికాయి. 2005 ఫిబ్రవరిలో ప్రతాప్ సింగ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ జార్ఖండ్ కేసులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం అర్నిత్ దాస్‌ని తోసిపుచ్చి నేరం తేదీకే ఓటేసింది. మరుసటి ఏడాది పార్లమెంటు చట్టాన్ని సవరించి ఆ మాటను అందులోనే రాసింది. పాత పుస్తకాల్లో అర్నిత్ దాస్ ఇప్పటికీ దొరుకుతుంది కాబట్టి వాదనల్లోకీ అప్పుడప్పుడు వచ్చిపడుతుంది.

హాజరు తేదీని పట్టుకుంటే ఏమవుతుందో ఈ కేసే చెబుతుంది. ఒకే రాత్రి, ఒకే పని చేసిన ఇద్దరు పదిహేడేళ్ల కుర్రాళ్లలో అప్పుడే దొరికినవాడు బాలుడు, మూడేళ్లకి దొరికినవాడు పెద్దమనిషి అవుతారు. వాళ్లు ఎవరన్నది పోలీసుల తీరిక మీద ఆధారపడుతుంది. పారిపోయినవాడికి ఇది బహుమానం కదా అని అడుగుతారు. పారిపోయినందుకు వారెంటు ఉంది, బెయిలు దగ్గర ఆ విషయం లెక్కలోకి వస్తుంది. ఆ రాత్రి పైలట్‌గా వెళ్లడానికి ఒప్పుకున్న బుర్ర ఎంత ఎదిగింది అన్నది మాత్రం తర్వాత ఎన్నాళ్లు దాక్కున్నా మారదు.

ఇంతవరకు సులువు. చిక్కంతా పుట్టిన తేదీ దగ్గర వచ్చింది.

వాడి ఆధార్ కార్డులో 01-01-2003 అని ఉంది. ఆ లెక్కన నేరం నాటికి పద్దెనిమిదేళ్ల పది నెలలు. వాళ్లమ్మ గట్టిగా కాదంది. ‘ఆధార్ తీసినప్పుడు వయసెంతని అడిగితే అందాజుగా చెప్పేం బాబూ, తేదీ వాళ్లే ఏసుకున్నారు’ అంది. జనవరి ఒకటి కనబడిందంటే సాధారణంగా అదే కథ: ఏడాది మాత్రం చెప్పినవాళ్లకి తేదీ మిషనే పెడుతుంది. 2024 అక్టోబరులో ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు, పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదు, స్కూలు సర్టిఫికెట్టే మేలు అని చెప్పింది. ఎలాగూ జువెనైల్ చట్టంలో వయసు రుజువుల వరుసలో ఆధార్‌కి చోటే లేదు.

ఆ వరుస సెక్షన్ 94(2)లో ఉంది. మొదట స్కూలు ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ గానీ, పరీక్షల బోర్డు ఇచ్చిన పదో తరగతి సర్టిఫికెట్ గానీ చూడాలి. అవి లేనప్పుడు కార్పొరేషను, మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. పైమెట్టు ఉండగా కిందిమెట్టుకి దిగకూడదు.

మా కుర్రాడు తొమ్మిదిలో చదువు మానేశాడు కాబట్టి పదో తరగతి సర్టిఫికెట్ లేదు. పుట్టినప్పుడు పంచాయతీలో నమోదు చేయించలేదు. ఒక బ్రోకరు ఇప్పుడు నమోదు చేయించి బర్త్ సర్టిఫికెట్ తెస్తానని వాళ్ల నాన్నకి ఆశ పెట్టాడు. వద్దన్నాను. అరెస్టయ్యాక పుట్టిన జనన ధ్రువపత్రాన్ని ఏ కోర్టూ నమ్మదు, పైగా మంచి కాగితం మీద కూడా అనుమానం రప్పిస్తుంది. ఇంట్లో ఉన్నది హైస్కూలు టీసీ ఒక్కటే, అందులో 14-02-2004 అని ఉంది. కానీ టీసీ చాలదు. 2023లో యువప్రకాష్ కేసులో సుప్రీంకోర్టు, ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్టూ అడ్మిషన్ రిజిస్టర్ నకలూ సెక్షన్ 94 చెప్పిన పత్రాలు కావని తేల్చింది. కాబట్టి స్కూలు నుంచి విడిగా పుట్టిన తేదీ సర్టిఫికెట్టు, దాని వెనక ఉన్న అసలు రిజిస్టరు, దాని గురించి బోనెక్కి చెప్పే మనిషి, ఈ మూడూ కావాలి.

కుర్రాడు మొదట చదివింది పాడేరు ఏజెన్సీలోని ఒక ప్రాథమిక పాఠశాల. నేరం నాటికి అది విశాఖ జిల్లాయే, 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. కోర్టు సమన్లు పాత జిల్లా చిరునామాతో వెళితే తిరిగొస్తాయి. కొత్త మండల విద్యాశాఖాధికారి ద్వారా పంపించమని మెమో వేయాల్సి వచ్చింది.

కేసు నడుస్తున్నది మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్ కింద ఉన్న ప్రత్యేక కోర్టులో కాబట్టి పిటిషన్ అక్కడే, జువెనైల్ చట్టం సెక్షన్ 9(2) కింద వేశాం. కేసు ఏ దశలో ఉన్నా, చివరికి తీర్పు ఖరారైపోయాక కూడా, ఈ పిటిషన్ వేయవచ్చు. 1994 నాటి పూణే హత్యల కేసులో ఉరిశిక్ష పడిన ఒక మనిషి నేరం నాటికి పన్నెండేళ్లవాడని 2023లో తేలింది. అప్పటికి అతను 28 ఏళ్లకు పైగా జైల్లో గడిపేశాడు. ఈ పిటిషన్‌కి జతగా చాలామంది తల్లితో నోటరీ అఫిడవిట్ చేయించి పెడతారు. సెక్షన్ 9(2)లోనే ‘అఫిడవిట్ కాకుండా సాక్ష్యం తీసుకోవాలి’ అని ఉంది. కాబట్టి అఫిడవిట్ పిటిషన్‌కి ఆధారంగా పనికొస్తుంది, వయసు తేల్చడానికి మాత్రం పనికిరాదు. తల్లినీ, హెచ్‌ఎంనూ సాక్షులుగా పిలిపించాలని పిటిషన్‌లోనే అడిగాం.

హెచ్‌ఎం రిజిస్టరు తీసుకుని వచ్చారు. ఎర్ర కాలికో అట్ట, అంచులు చెదలు కొట్టాయి. 2009 జూన్‌లో ఒకటో తరగతిలో చేరినవాళ్ల వరుసలో మావాడు ఉన్నాడు. పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి ఉంది, పక్కన తండ్రి వేలిముద్ర. సిరా ముందు పేరుదీ వెనక పేరుదీ ఒకటే, చేతిరాత ఒకటే, కొట్టివేత లేదు, వరుస నంబరు తెగలేదు. ఇవన్నీ హెచ్‌ఎం చేత ఒక్కొక్కటిగా చెప్పించాం. రాసింది ఆయన కాదు, అప్పటి మాస్టారు ఎప్పుడో బదిలీ అయిపోయారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో పీపీ గారు పట్టుకున్నదీ అదే: ‘ఆ తేదీ ఎవరు చెప్పారో మీకు తెలియదు కదా?’ ‘తెలియదండీ. అంగన్‌వాడీ జాబితా చూసి చేర్చుకుంటాం’ అన్నారు హెచ్‌ఎం.

ఆ పేజీలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది వేరే సంగతి. పిల్లల్ని చేర్చుకునే రోజు ఐదేళ్లు సరిపెట్టడానికి మాస్టార్లు జూన్ తేదీలు వేసేవారు. మన తరంలో సగం మంది జూన్‌లో పుట్టినట్టే ఉంటాం. ఆ పేజీలోనూ జూన్ పుట్టినరోజులు వరసగా ఉన్నాయి. మధ్యలో ఫిబ్రవరి 14 ఒకటి. అంటే దాన్ని ఎవరో చూసి రాశారు, లెక్కకట్టి రాయలేదు. ఇంకో పరీక్ష కూడా చేశాం. అదే రిజిస్టరులో రెండేళ్ల తర్వాత చేరిన చెల్లెలి పేరు వెతికాం. ఆమె తేదీ 2006 మార్చి. అన్నకీ చెల్లికీ మధ్య రెండేళ్లు, కుదిరింది. ఈ ఎడం ఐదారు నెలలే వస్తే రెండింట్లో ఒకటి తప్పని అక్కడికక్కడే తేలిపోతుంది. ప్రాసిక్యూషన్ తరఫున ఉన్నా ఈ పేజీ తిప్పి చూడాల్సిందే.

పీపీ గారి దగ్గర ఒక గట్టి కాగితం ఉంది. కుర్రాడు 2021 ఫిబ్రవరిలో బైకు లైసెన్సు తీసుకున్నాడు, ఆధార్ తేదీతో. తనకి పద్దెనిమిది నిండాయని తానే ప్రభుత్వానికి చెప్పి లైసెన్సు తీసుకున్నవాడు ఇప్పుడు బాలుడినంటే ఎలా అన్నారు. దానికి 2019 నాటి సంజీవ్ కుమార్ గుప్తా తీర్పు చూపించారు. అందులో నిందితుడు లైసెన్సులోనూ ఆధార్‌లోనూ ఇచ్చిన తేదీని సుప్రీంకోర్టు లెక్కలోకి తీసుకుని బాలుడు కాదన్న మాట నిజం.

ఈ తీర్పును పక్కకి నెట్టి ప్రయోజనం లేదు, చదివి చూపించాలి. అక్కడ స్కూలు రికార్డులు రెండున్నాయి, రెండూ పొసగవు. మొదటి స్కూల్లో 1995 పుట్టుక, పదో తరగతి సర్టిఫికెట్లో 1998. ఆ 1998కి ఆధారం ఏమిటో ఎవరూ చెప్పలేకపోయారు. లైసెన్సు, ఆధార్ మొదటి స్కూలు తేదీతో కలిశాయి కాబట్టి కోర్టు ఆ వైపు మొగ్గింది. అంటే స్కూలు రికార్డుల మధ్య తగాదా వచ్చినప్పుడు లైసెన్సు ఏ వైపు నిలబడిందో చూశారు, స్కూలు రికార్డు మీద లైసెన్సును గెలిపించలేదు. మా కేసులో ప్రాథమిక పాఠశాల రిజిస్టరు, హైస్కూలు టీసీ ఒకే తేదీ చెబుతున్నాయి. ఏజెన్సీ నుంచి వచ్చి బైకు నడపాలనుకున్న పదిహేడేళ్లవాడు ఆధార్‌లో ఏడాది ఎక్కువ ఉందని చూసుకుని లైసెన్సుకి వెళ్లడంలో ఆశ్చర్యం కూడా లేదు. జడ్జి గారు ఈ తేడాను ఒప్పుకున్నారు.

ఆఖరి ప్రయత్నంగా, కేజీహెచ్ ఆసుపత్రికి పంపి ఎముకల పరీక్ష చేయించాలని ప్రాసిక్యూషన్ అడిగింది. మొదటి మెట్టు పత్రం ఉంది కాబట్టి చట్టం ఒప్పుకోదు అన్నది ఒక జవాబు. రెండోది ఆ పరీక్ష స్వభావం. ఎక్స్‌రేలో చూసేది మణికట్టు, మోచేయి, కటి ఎముకల చివర్లు అతుక్కున్నాయా లేదా అని. అది ఎక్స్‌రే తీసిన రోజు వయసు చెబుతుంది, అదీ అటు రెండేళ్లు ఇటు రెండేళ్ల తేడాతో అని సుప్రీంకోర్టు 1982లోనే జయమాల కేసులో గుర్తించింది. ఇరవై దాటేసరికి ఆ ఎముకలు చాలావరకు అతుక్కునే ఉంటాయి. దాన్నుంచి రెండేళ్ల తొమ్మిది నెలలు వెనక్కి లెక్కపెట్టి పదిహేడున్నరో పద్దెనిమిదిన్నరో చెప్పగలిగే డాక్టరు ఎవరూ లేరు. నేరానికీ అరెస్టుకీ మధ్య కాలం పెరిగేకొద్దీ ఎముకల మాటకి విలువ తగ్గుతుంది, పాత రిజిస్టరుకి పెరుగుతుంది. ఆ పిటిషన్ కొట్టేశారు.

నేరం తేదీ నాటికి వయసు పదిహేడేళ్ల తొమ్మిది నెలల తొమ్మిది రోజులని కోర్టు నమోదు చేసి, ఏ-3 కేసును విడదీసి జువెనైల్ జస్టిస్ బోర్డుకి పంపింది. బాలుడినీ పెద్దవాళ్లనూ కలిపి విచారించకూడదని సెక్షన్ 23.

బోర్డులో బెయిలు దగ్గర మళ్లీ ఎన్‌డీపీఎస్ సెక్షన్ 37 వచ్చింది. ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, బెయిలు దాదాపు రాదు. కానీ జువెనైల్ చట్టం సెక్షన్ 12 ‘వేరే ఏ చట్టంలో ఏమున్నా’ అని మొదలుపెట్టి బెయిలు ఇవ్వాలంటుంది. వదిలితే మళ్లీ నేరగాళ్లతో కలుస్తాడనో, అతనికే ప్రమాదమనో, న్యాయానికి భంగమనో తేలితేనే కాదనాలి. వెల్డింగ్ షాపు యజమాని వచ్చి పని ఇస్తానని చెప్పడం ఇక్కడ పనికొచ్చింది. పారిపోయిన చరిత్ర ఉంది కాబట్టి వారానికొకసారి ప్రొబేషన్ ఆఫీసర్ ముందు హాజరు కావాలని షరతు పెట్టి వదిలారు.

బాలుడని తేలగానే కేసు అయిపోయిందనుకుని వాళ్ల నాన్న స్వీట్లు తెచ్చాడు. కాలేదు. వాణిజ్య పరిమాణానికి కనీస శిక్ష పదేళ్లు. కనీస శిక్షే ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్న నేరం జువెనైల్ చట్టం లెక్కలో హేయమైన నేరం. అలాంటి నేరంలో పదహారు దాటినవాడైతే సెక్షన్ 15 కింద ప్రాథమిక అంచనా వేయాలి: ఆ పని చేసే మానసిక, శారీరక సామర్థ్యం ఉందా, పర్యవసానం తెలుసా, ఏ పరిస్థితుల్లో చేశాడు అని. ఉందనుకుంటే కేసు చిల్డ్రన్స్ కోర్టుకి పోయి పెద్దవాడిలా విచారణ జరగవచ్చు.

నా ఉద్దేశంలో చట్టం సరిగ్గా జవాబు చెప్పని చోటు ఇదే. వయసు వెనక్కి లెక్కపెట్టవచ్చు, తీసివేత చాలు. పదిహేడేళ్ల బుర్రని ఇరవై ఏళ్ల మనిషిలో వెతకడం ఎలా? మానసిక వైద్యశాల నుంచి వచ్చిన సైకాలజిస్టు పరీక్షించింది మూడేళ్లుగా సొంతంగా సంపాదించుకుంటున్న యువకుడిని. తెలివి పరీక్షలో వచ్చిన అంకె ఇప్పటిది. నివేదికలో ‘పర్యవసానాలు అర్థం చేసుకోగలడు’ అని రాస్తే అది ఎప్పటి మాట? మేము బోర్డుని కోరింది ఒక్కటే, ఇప్పటి పరీక్షని పక్కన పెట్టి అప్పటి సాక్ష్యం చూడమని. 2021లో వాడు బడి మానేసి ఎన్నాళ్లయింది, లాక్‌డౌన్‌లో తండ్రి పని ఎలా పోయింది, బైకు ఎవరు ఇచ్చారు, ఆ రాత్రికి ఎంత ఇస్తామన్నారు. ఐదు వేలు. కారులో ఎన్ని కిలోలున్నాయో వాడికి చెప్పలేదని ఏ-1 వాంగ్మూలంలోనే ఉంది. ప్రొబేషన్ ఆఫీసర్ సామాజిక నేపథ్య నివేదికకి ఇలాంటి చోట్ల సైకాలజిస్టు అంకెకన్నా బరువెక్కువ. పెద్దవాడిగా విచారించనక్కరలేదని బోర్డు తేల్చింది. తర్వాత విచారణలో పాత్ర రుజువై, తల్లిదండ్రుల పూచీ మీద రెండేళ్లు ప్రొబేషన్‌లో ఉంచారు.

ఈ ఆర్డరు కాపీ పట్టుకుని ఏ-2 తండ్రి మా ఆఫీసుకి వచ్చాడు. ఆ రాత్రి కారులో డ్రైవర్ పక్కన కూర్చున్నవాడు ఏ-2. ఏ-3కి చిన్నప్పటి స్నేహితుడు, వాడికన్నా మూడున్నర నెలలు పెద్ద. పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ 01-11-2003. నేరం నాటికి పద్దెనిమిదేళ్ల ఇరవై రెండు రోజులు. పాత రూల్స్‌లో ఏడాది వెసులుబాటు ఉండేదట కదా అని ఎవరో చెప్పారని అడిగాడు. 2007 రూల్స్‌లో ఉన్న మాట నిజమే, కానీ అది డాక్టర్లు వయసు అంచనా వేసినప్పుడు మాత్రమే. పరీక్షల బోర్డు సర్టిఫికెట్ ఉన్నచోట ఆ వెసులుబాటు అప్పుడూ లేదు, ఇప్పుడు అసలే లేదు. ఇరవై రెండు రోజులైనా ఇరవై రెండేళ్లైనా ఆ గీతకి అవతలే. ఏ-2 విచారణ ప్రత్యేక కోర్టులోనే, పదేళ్ల కనీస శిక్ష ఉన్న సెక్షన్ కిందే నడుస్తోంది. అక్కడ ఇక వాదించడానికి మిగిలింది వయసు కాదు, సోదా ఎలా జరిగింది, శాంపిల్ ఎలా తీశారు అన్నవే.